మైనస్ వంద

ఎట్లా చేసినా సంతోషికి ఏడు వేల రెండు వందల కోట్లే వస్తోంది. గైడు వెనక పేజీలో మాత్రం ఏడు వేల నాలుగు వందలని అచ్చేసి ఉంది.

వంటింట్లో గ్యాస్ బండ పక్కన చాప పరుచుకుని కూర్చుంది. సెంటినరీ కాలనీలో బొగ్గు గని కంపెనీ ఇచ్చిన వాళ్ళ క్వార్టరులో ఉన్న ఒకే ఒక్క కూలరు ముందు గదిలో ఉంది. దాని ముందు ఆమె భర్త కొమురెల్లి నైట్ షిఫ్టు దిగి వచ్చి నిద్రపోతున్నాడు. ఫ్యాను తిరిగితే కాగితాలు ఎగిరిపోతున్నాయి, ఆపితే చెమట చుక్కలు అంకెల మీద పడి సిరా అలుక్కుపోతోంది. ఎనిమిది వేల అయిదు వందలు మళ్ళీ రాసుకుంది. మళ్ళీ కొట్టేసింది.

ముప్పయ్యొకటో ఏట దూరవిద్యలో బి.ఏ. కట్టింది సంతోషి. కాలనీ దగ్గర ఒక ప్రైవేటు బడిలో చిన్న పిల్లలకు చెబుతుంది. డిగ్రీ ఉంటే పై తరగతులిస్తామన్నారు. మిగతా సబ్జెక్టులన్నీ ఒక్క దెబ్బకే గట్టెక్కాయి. మొదటి సంవత్సరం ఎకనామిక్స్ ఒక్కటే రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ముంచింది లెక్కలే, డిమాండు వ్యాకోచత్వం ఒకటి, జాతీయాదాయం ఒకటి. వచ్చే నెలలో మూడోసారి.

ఈ లెక్క పాత ప్రశ్నపత్రంలోది. మార్కెట్ ధరల్లో స్థూల దేశీయోత్పత్తి ఎనిమిది వేల అయిదు వందల కోట్లు. తరుగుదల అయిదు వందలు. విదేశాల నుంచి వచ్చే నికర కారకాదాయం మైనస్ వంద. పరోక్ష పన్నులు తొమ్మిది వందలు, సబ్సిడీలు రెండు వందలు. అన్నీ కోట్లలోనే. కారకాల ధరల్లో నికర జాతీయోత్పత్తి ఎంత?

రెండు జవాబులకీ తేడా రెండు వందలు. సబ్సిడీలూ రెండు వందలే. అక్కడే మధ్యాహ్నమంతా దారి తప్పింది. సబ్సిడీ కలపడం మరిచిపోయిందేమోనని చూసింది, మరిచిపోలేదు. రెండోసారి కలిపి చూసింది, గైడు జవాబు వచ్చింది. కానీ ఒకే సబ్సిడీని రెండుసార్లు ఎందుకు కలపాలి? ఎవరిని అడగాలి? గైడులో చేసిన విధానం లేదు, ఊరికే జవాబు ఉంది.

దూరంగా ఓపెన్ కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగినట్టుంది, కిటికీ అద్దాలు గలగలలాడాయి. కొమురెల్లి అటు నుంచి ఇటు తిరిగాడు.

"ఇంకా అదే లెక్కనా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"అదే."

"వదిలెయ్ రాదు. తిన్నవా?"

తినలేదని ఆమెకు అప్పుడే గుర్తొచ్చింది, దాంతో ఇంకా కోపం వచ్చింది.

ఆదివారం గోదావరిఖనిలో క్లాసు. భూపాల్ సార్ వేరే కాలేజీలో లెక్చరరు, ఆదివారాలు ఇక్కడికి వచ్చి దూరవిద్య వాళ్ళకు పాఠం చెబుతాడు. మంచివాడే. కాకపోతే ఒక పూటలో మూడు పేపర్లు ముగించాలి ఆయన.

"సార్, గీ జాతీయాదాయం లెక్క గైడుతోని కలుస్తలేదు," అంది సంతోషి పుస్తకం చూపిస్తూ.

ఆయన గడియారం చూసుకున్నాడు. "చూడమ్మా, నువ్వు రెండుసార్లు పోగొట్టుకున్నవు లెక్కలు పట్టుకునే. ఈసారి లెక్కలు వదిలెయ్యి. థియరీ మంచిగ రాయి, పాసైతవు."

"లెక్క రైటయితే నిండ మార్కులొస్తయి గద సార్. థియరీకి ఎంత రాసినా సగమే ఏస్తరు."

"రైటయితే," అన్నాడాయన. నవ్వుతూనే అన్నాడు గానీ వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. "ఫోటో తీసి గ్రూపుల పెట్టు. నేను వీలు చూస్కొని చేస్త."

క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టింది. సార్ చూడలేదు. కిషన్ అనే కుర్రాడు మాత్రం వెంటనే పెట్టాడు: "7400 అక్క. గైడుల ఉంది గద. గట్లనే యాది పెట్టుకోండ్రి, పాతయే మళ్ళ మళ్ళ అడుగుతరు." దాని కింద బొటనవేళ్ళు వరస కట్టాయి.

బస్సు కోసం నిలబడ్డప్పుడు మక్సూదా సంతోషి చేతిలోని కాగితం లాక్కుని చూసింది. మక్సూదా గోదావరిఖనిలోనే ఉంటుంది. వాళ్ళాయన నౌమాన్‌కి మోటార్ సైకిళ్ళ మెకానిక్ షాపు. ఇంట్లో దక్నీ ఉర్దూ, బయట తెలుగు, ఏ భాషలోనైనా గడగడా మాట్లాడుతుంది. మొదటి రోజు పక్కపక్కన కూర్చున్నప్పటి నుంచీ ఇద్దరూ కలిసే చదువుతున్నారు. కలిసే తప్పారు కూడా.

"నాకు ఏడు వేల నాలుగు వందలే వచ్చిందక్క," అంది మక్సూదా.

"ఎట్ల?"

"నికర కారకాదాయం తియ్యాలె గద. మైనస్ వందను తీస్తే మైనస్ మైనస్ ప్లస్. వంద కలుస్తది."

"తీసేది కాదు, కలిపేది."

"మరి గైడుతోని నాదే కలిసింది," అంది మక్సూదా తేలిగ్గా. "నీ ఫికర్ ఏందో నాకు సమజైతలేదు. జవాబు కలిస్తే అయిపాయె."

"జవాబు ముందల పెట్టుకొని దానికి తగ్గట్టు లెక్క చేస్తే ఎవలిదైనా కలుస్తది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మక్సూదా కాగితం తిరిగి ఇచ్చేసింది. "సరే అక్క. నువ్వు గైడు కంటే పెద్దదానివి," అని దుపట్టా సరిచేసుకుని వెళ్ళిపోయింది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా, వేడిగాలి మొహాన కొడుతున్నా, సంతోషికి ఒంట్లో కాలుతున్నది ఆ గాలి వల్ల కాదని తెలుసు. ఒకవేళ మక్సూదాదే రైటేమో. తనకే లెక్కలు రావేమో. ఇంటర్ తర్వాత ఇన్నేళ్ళకు పుస్తకం పట్టిన తల, మొద్దుబారి పోయిందేమో.

ఆ వారమంతా కొత్త లెక్క ఒక్కటీ చేయలేదు. చేసి తప్పిన పాతవన్నీ బయటికి తీసింది. ఎక్కడెక్కడ తప్పిందో చూడాలనుకుంది. పట్టుదలతో కాదు, విసుగుతో. ఎంత మొద్దుదాన్నో లెక్క తేల్చుకుందామన్నట్టుగా.

మొదట చేతికొచ్చినది ధర పది నుంచి పన్నెండుకు పెరిగితే డిమాండు వంద కిలోల నుంచి డెబ్భైకి పడిపోయిన లెక్క. శాతం పద్ధతిలో చేయమన్నారు. మార్పును మొదటి సంఖ్యతో భాగించాలి. డిమాండు ముప్పై శాతం తగ్గింది, ధర ఇరవై శాతం పెరిగింది, వ్యాకోచత్వం మైనస్ ఒకటిన్నర. తను మార్పును కొత్త సంఖ్యలతో, డెబ్భైతోనూ పన్నెండుతోనూ భాగించింది. రెండున్నర దాటిపోయింది. పైగా మైనస్ మరిచిపోయి, చివర "కిలోలు" అని కూడా రాసింది. వ్యాకోచత్వానికి కిలోలేంది? శాతాన్ని శాతంతో భాగిస్తే మిగిలేది ఒట్టి సంఖ్య.

తర్వాతది చూసి ఒక్కతే ఉన్నా సిగ్గుపడింది. ధర ఇరవై నుంచి ఇరవై అయిదుకు పెరిగితే డిమాండు రెండు క్వింటాళ్ళ నుంచి నూటయాభై కిలోలకు తగ్గింది. తను రెండులోంచి నూటయాభైకి లెక్కవేసి, వ్యాకోచత్వం రెండు వందల తొంభై ఆరు అని రాసి, కింద గీత కూడా గీసింది. రెండు క్వింటాళ్ళంటే రెండు వందల కిలోలు. డిమాండు పావు వంతు తగ్గింది, ధర పావు వంతు పెరిగింది, జవాబు మైనస్ ఒకటి. ఇంట్లో బియ్యం బస్తా కొనేటప్పుడు ఎప్పుడూ ఈ తప్పు చేయదు. పరీక్ష కాగితం మీద మాత్రం చేసింది.

తలసరి ఆదాయం లెక్కలోనూ అంతే. అయిదు వేల కోట్లను యాభై లక్షల జనాభాతో భాగించమంటే అయిదు వేలను యాభైతో భాగించి వంద రూపాయలని రాసింది. కోటి అంటే వంద లక్షలు, రావలసింది పది వేల రూపాయలు. ఇంకోచోట ప్రశ్నలో "నికర పరోక్ష పన్నులు" అని ఇస్తే, అందులో సబ్సిడీ అప్పటికే తీసేసి ఉందని గమనించకుండా మళ్ళీ సర్దుబాటు చేసింది.

ఒక్కచోటంటే ఒక్కచోట కూడిక తప్పలేదు. తీసివేత తప్పలేదు. అన్నీ చదవడంలో తప్పినవే. ఇది తెలిసి ఊరట కలగాలి గానీ కలగలేదు. ఇంత చిన్నవాటికి రెండేళ్ళు పోయాయా అని ఒళ్ళు మండింది.

పాత క్యాలెండరు షీటు వెనక తెల్లవైపు మార్కరుతో రాసి వంటింటి తలుపుకి అంటించింది. లెక్క మొదలుపెట్టకముందే యూనిట్లన్నీ ఒక్కటి చేయాలి, క్వింటాళ్ళు కిలోలు చేసి, లక్షలు కోట్లు చేసి. ఏ పద్ధతి అడిగారో చూడాలి, శాతం పద్ధతయితే కింద పాతది, మధ్యబిందు పద్ధతయితే కింద రెండింటి సగటు. ధర, డిమాండు ఎదురెదురుగా పోతే మైనస్ రావాలి, రాకపోతే ఎక్కడో తప్పింది. వ్యాకోచత్వానికి యూనిటు లేదు, జాతీయాదాయానికి కోట్ల రూపాయలు, తలసరికి రూపాయలు. జాతీయాదాయం లెక్కలో ఎక్కడ బయలుదేరుతున్నాం, ఎక్కడికి చేరాలి? స్థూలం నుంచి నికరానికైతే తరుగుదల తియ్యాలి. మార్కెట్ ధర నుంచి కారకాల ధరకైతే పరోక్ష పన్నులు తీసి సబ్సిడీలు కలపాలి.

దేశీయం నుంచి జాతీయానికి అని రాసి ఆగిపోయింది.

కలపాలి, తనకు తెలిసినంతవరకు. కానీ మక్సూదా తీసేసింది, గైడూ అదే అంటోంది. ఆ ఒక్క గీత ఖాళీగా ఉండిపోయింది. రెండు రోజులు వంట చేస్తూ ఆ ఖాళీ వంకే చూసింది.

కొమురెల్లి ఫస్ట్ షిఫ్టుకి మారాడు. సాయంత్రం చాయ్ తాగుతూ తలుపు మీది కాగితం పైనుంచి కిందికి చదివి, "గీడ ఏం రాయలేదేంది?" అన్నాడు.

"అదే తెగుతలేదు." విసుక్కుంటూనే చెప్పసాగింది, వినేవాడికంటే తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "దేశీయం అంటే దేశం లోపల తయారైందంత. అది ఎవలదైనా సరే. జాతీయం అంటే మన వాళ్ళది. బయటి దేశపోడు ఈడ ఫ్యాక్టరీ పెట్టి లాభం తీస్కపోయిండనుకో, అది దేశీయంల ఉంటది, జాతీయంల ఉండదు. మనోళ్ళు బయట సంపాయించింది వచ్చి కలుస్తది. వచ్చిందాంట్లకెల్లి పోయింది తీస్తే నికరం. మైనస్ వంద అంటే వచ్చిన దానికంటె పోయింది వంద ఎక్కువ."

చెబుతూ చెబుతూ ఆగింది.

"పోయింది ఎక్కువైతే మనది తగ్గాలె," అంది మెల్లగా. "ఎనిమిది వేల అయిదు వందలున్నది ఎనిమిది వేల నాలుగు వందలు కావాలె. వీళ్ళు ఎనిమిది వేల ఆరు వందలు చేసిన్రు. పోయినంక పెరుగుతదా?"

కొమురెల్లి గ్లాసు పెట్టేసి, ఆమె పెన్ను వెతుక్కుంటుంటే తీసి ఇచ్చాడు.

తేడా రెండు వందలు సబ్సిడీ వల్ల కాదు. తీయవలసిన వందను కలిపితే వందకు రెండింతలు తేడా వస్తుంది. గైడు వాళ్ళు ప్రశ్నలోని మైనస్ గుర్తు చూడలేదు, అంతే. ఎనిమిది వేల అయిదు వందల్లో తరుగుదల అయిదు వందలు తీసి, ఆ వంద తీసి, తొమ్మిది వందల పన్ను తీసి, రెండు వందల సబ్సిడీ కలిపితే ఏడు వేల రెండు వందలు. మక్సూదా మాత్రం సూత్రాన్ని తిరగేసి పట్టుకుంది. జాతీయం నుంచి దేశీయానికి వెళ్ళేటప్పుడు తీసేదాన్ని ఇటు వచ్చేటప్పుడూ తీసింది. ఖాళీ గీతలో "ఇచ్చిన గుర్తుతోనే కలపాలి" అని రాసింది.

గ్రూపులో ఇదంతా వివరంగా పెట్టింది. కిషన్ నుంచి జవాబు: "అక్క, పేపరు దిద్దేటోళ్ళు కూడ గైడే చూస్తరు." ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు. సార్ నుంచి ఏమీ లేదు. చదివినవాళ్ళ వరసలో మక్సూదా పేరు ఉంది, మాట మాత్రం లేదు. సంతోషి ఫోను బియ్యం డబ్బా మీద విసురుగా పెట్టింది. తప్పు చేసినన్నాళ్ళు అందరూ జాలిపడ్డారు, రైటు చేస్తే నవ్వుతున్నారు.

పరీక్ష రామగుండంలో పడింది. ఎండకి హాల్లో బెంచీలు కూడా వెచ్చగా ఉన్నాయి. మక్సూదా మూడు వరసల అవతల కూర్చుంది. ఇద్దరూ గేటు దగ్గర "మంచిగున్నవా" అంటే "మంచిగున్న" అనుకున్నారు, అంతకు మించి మాట్లాడుకోలేదు.

సంతోషి ప్రశ్నపత్రం తిప్పింది. ఎనిమిది వేల అయిదు వందలు, అయిదు వందలు, మైనస్ వంద. అదే లెక్క, అంకె మారకుండా. హాల్లో అక్కడక్కడా చిన్నగా ఊపిర్లు వదలడం వినిపించింది. కిషన్ అప్పుడే రాయడం మొదలుపెట్టాడు.

ముందు వ్యాకోచత్వం చేసింది. ధర నలభై నుంచి ముప్పైకి తగ్గితే డిమాండు రెండు క్వింటాళ్ళ నుంచి మూడు వందల కిలోలకు పెరిగింది. క్వింటాళ్ళు కిలోలు చేసింది. డిమాండు యాభై శాతం పెరిగింది, ధర ఇరవై అయిదు శాతం తగ్గింది, మైనస్ రెండు. గుర్తు తీసేసి చూస్తే ఒకటి కంటే ఎక్కువ, కాబట్టి అధిక వ్యాకోచం. యూనిటు రాయలేదు.

జాతీయాదాయం దగ్గర పెన్ను ఆగింది. ఏడు వేల రెండు వందలు రైటని ఆమెకు తెలుసు. దిద్దేవాళ్ళకు తెలుసా? వాళ్ళ దగ్గర ఉండే కాగితంలో ఏముందో ఎవరు చూశారు? ఏడు వేల నాలుగు వందలని రాస్తే హాలంతటితో కలిసిపోతుంది. అందరిదీ తప్పని కొట్టేయలేరు గదా. మూడోసారి తప్పితే కొమురెల్లి ఏమీ అనడు, ఆ అనకపోవడమే భరించలేదు. బడిలో పెద్ద టీచరు మళ్ళీ "అయ్యో" అంటుంది.

తప్పని తెలిసి రాయాలంటే ఏ మెట్టు దగ్గర తప్పాలో ముందే ఆలోచించి రాయాలి. మైనస్ వందను ప్లస్ చేస్తూ ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం ఎట్లా రాయాలో ఆమెకు తోచలేదు. కాసేపు చూసి, తను చేసినట్టే చేసింది. ఒక్కొక్క మెట్టు విడిగా, పక్కన ఎందుకో రాస్తూ. మైనస్ వంద దగ్గర "దేశం నుంచి వెలుపలికి వెళ్ళిన కారకాదాయం ఎక్కువ కనుక జాతీయోత్పత్తి తగ్గును" అని రాసి కింద గీత గీసింది. జవాబు పక్కన "కోట్ల రూపాయలు" అని కూడా. అయినా నమ్మకం చాలక మళ్ళీ మొదటి నుంచి చూసుకుంది. అది అయ్యాక వ్యాకోచత్వం మళ్ళీ చూసుకుంది. ఈ చూసుకోవడాల్లో టైం కరిగిపోయి, ద్రవ్యోల్బణం ప్రశ్న సగంలో ఉండగానే గంట కొట్టి కాగితం లాగేసుకున్నారు. బాగా వచ్చిన ప్రశ్న అది.

బయట చెట్టు నీడ కోసం వెతుకుతుంటే మక్సూదా వెనక నుంచి వచ్చింది.

"ఏం రాసినవక్క?"

"నాదే రాసిన. ఏడు వేల రెండు వందలు. ఏమైతదో ఏమో."

"నేను గూడ," అంది మక్సూదా.

సంతోషి ఆగిపోయింది. "నువ్వు నాలుగు వందలు రాయలేదా?"

"ముందల గదే రాసిన. మళ్ళ నువ్వు గ్రూపుల పెట్టింది యాదికొచ్చింది, పోయినంక పెరుగుతదా అని. గది సమజైనంక చెయ్యి రాలేదు. కొట్టేసి రెండు వందలు రాసిన." బాటిల్లోని వేడి నీళ్ళు తాగి మొహం చిట్లించింది. "నీ మాట పట్టుకొని నేను ఫెయిలైతే మాత్రం చూస్కో."

సంతోషికి సంతోషం కలగలేదు. తన ఒక్కదాని భయం ఇప్పుడు ఇద్దరిదయింది. ఫలితాలు వచ్చేదాకా ప్రతి రాత్రీ ఆ ఒక్క గుర్తే కలవరపెట్టింది.

ఆ మధ్యలో ఒక ఆదివారం భూపాల్ సార్ ఏ కళనున్నాడో గానీ, క్లాసు మొదట్లోనే ఆ లెక్క బోర్డు మీద వేశాడు. మాట్లాడకుండా మెట్టు మెట్టుగా చేసుకుంటూ పోయి, చివర ఏడు వేల రెండు వందల చుట్టూ గీత గీశాడు. "గైడు తప్పు," అన్నాడు. "నేను ముందుగాల్నే చూడాల్సింది." సంతోషి వైపు చూశాడు. ఆమె తల దించుకుని రాసుకుంటోంది. పరీక్ష అయిపోయాక చెప్పి ఏం లాభమని ఆమెకు నోటి దాకా వచ్చింది. గ్రూపులో ఎవరూ ఏమీ పెట్టలేదు.

ఫలితాలు వచ్చిన రోజు బడి నుంచి వస్తుంటే మక్సూదా ఫోను.

"అక్క, పాసైన. యాభై రెండు."

సంతోషి రోడ్డు పక్కన నిలబడి తన హాల్ టికెట్ నంబరు కొట్టింది. నెట్‌వర్కు తిరిగింది, తిరిగింది, ఆఖరికి తెరుచుకుంది. నలభై ఏడు. పాస్.

"నాకంటె నీకే ఎక్కువొచ్చినయి," అంది.

"నేను ఒక్కసారి కొట్టేసి రాసినంక మళ్ళ చూడలేదు. థియరీ అంత రాసిన. నువ్వు నాలుగు తాపల చూసుకుంట కూసున్నవు గద."

లెక్కకు ఎన్ని వేశారో, ఆ ఏడు వేల రెండు వందలను మెచ్చుకుని వేశారో, చూడకుండా వేశారో, మొత్తం మార్కుల్లో ఎక్కడా కనపడదు. తెలుసుకునే దారీ లేదు. ఆ కోపం ఒక్కటే మిగిలింది సంతోషికి, పాసైన రోజున కూడా. ఫోనులో మక్సూదా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు వింటూ వింటూ తనకీ నవ్వొచ్చింది. ముందు నెమ్మదిగా, తర్వాత దారిన పోయే ఆటో అతను తిరిగి చూసేంతగా.

"రేపు క్లాసుకు వస్తవా?" అంది మక్సూదా. "వచ్చే యేడు స్టాటిస్టిక్స్ ఉందంట."

"వస్త," అంది సంతోషి. "గైడు మాత్రం తేకు."